ఒక్క # గుర్తు

శ్రావణమాసంలో చీరలు అమ్ముడుపోవట్లేదంటే ఎవరైనా నమ్ముతారా? ఆషాఢంలో డిస్కౌంట్ పెట్టి పాత స్టాక్ ఖాళీ చేసుకుని, శ్రావణ శుక్రవారాల కోసం కొత్త గద్వాల, నారాయణపేట తెప్పించుకుని కూర్చుంటాం మేము, ఏడాది మొత్తంలో మాకు అసలైన సీజన్ అదే. 2024లో ఆగస్టు 5న శ్రావణం మొదలైంది, 7న చేనేత దినోత్సవం ఆఫర్ పెట్టాం, 16న వరలక్ష్మీ వ్రతం. ఇన్ని ఉండి కూడా బ్యాంకులో పడే డబ్బులు పోయినేడాదితో పోలిస్తే మూడో వంతు తగ్గాయి. నేను అకౌంట్స్ చూస్తాను కాబట్టి అది ముందు కనబడింది నాకే.

మాది కూకట్‌పల్లిలో చిన్న ఆఫీసు, బాలానగర్‌లో గోడౌన్, అమ్మకమంతా వెబ్‌సైట్ మీదే. సోమవారం మీటింగ్‌లో నేను మా ఓనర్ ముందు బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టి తగ్గింది మేడం అంటే, మా యాడ్స్ నడిపే ఏజెన్సీ అబ్బాయి గూగుల్ యాడ్స్ డ్యాష్‌బోర్డ్ తెరిచి లేదు మేడం యాడ్స్ నుంచి అమ్మకాలు పెరిగాయి, ఇదిగో రోయాస్ చూడండి, బడ్జెట్ ఇంకా పెంచుదాం అన్నాడు. రోయాస్ అంటే యాడ్ మీద పెట్టిన ప్రతి రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకం వచ్చిందనే లెక్క. అప్పటికే జులైలో ఓసారి పెంచారు. గూగుల్ అనలిటిక్స్‌లో అంకె తక్కువ చూపిస్తోంది కదా అని మేడం అడిగితే అది అట్రిబ్యూషన్ తేడా, రెండూ ఎప్పుడూ కలవవు అన్నాడు. మాట నిజమే, రెండూ అచ్చంగా కలవవు. కానీ ఆ ఒక్క మాటతో అందరూ వెతకడం ఆపేశారు.

మౌనిక ఆపలేదు. డిగ్రీ అయిపోయి ఏప్రిల్‌లో చేరిన పిల్ల, పని ఇన్‌స్టా పోస్టులు, వాట్సాప్ మెసేజ్‌లు, కస్టమర్లు అడిగిన దానికి జవాబులు. మీటింగ్‌లో ఒక్క మాట మాట్లాడలేదు గానీ మీటింగ్ అవగానే నా టేబుల్ దగ్గరికొచ్చి "అన్నా, 5 నుంచి 11 దాకా మొత్తం మన సైట్‌కి ఎన్ని ఆర్డర్లొచ్చాయో షీట్ ఇస్తవా, యాడ్స్ వే కాదు, మొత్తం" అంది. ఇచ్చాను. 371. అందులో యూపీఐ, కార్డు కలిపి 160, పార్సిల్ చేతికొచ్చాక డబ్బు కట్టే సీఓడీ 211.

డ్యాష్‌బోర్డ్‌లో అదే వారానికి యాడ్స్ నుంచి వచ్చిన పర్చేజ్‌లు 412.

ఇది చూసి నేనూ కాసేపు అలాగే ఉండిపోయా. ఇన్‌స్టాలో చూసి కొన్నోళ్ళు, వాట్సాప్ లింక్ నుంచి వచ్చినోళ్ళు, నేరుగా సైట్ తెరిచినోళ్ళు అందరూ కలిపితేనే 371, అందులో యాడ్స్ వాటా ఒక ముక్క, మరి ఆ ముక్క మొత్తం కంటే పెద్దదెలా అవుతుంది? అట్రిబ్యూషన్ అంటే ఉన్న ఆర్డర్‌ని ఎవరి ఖాతాలో రాయాలి అనే గొడవ, లేని ఆర్డర్‌ని పుట్టించదు కదా. ఇన్ని వారాలు మేమంతా ఎంత పెరిగింది ఎంత తగ్గింది అని శాతాలు చూసుకుంటూ కూర్చున్నాం, మొత్తం పక్కన పెట్టి చూసింది ఆ పిల్ల ఒక్కతే.

సాయంత్రానికి ఏజెన్సీ వాళ్ళకి చెప్తే వాళ్ళు మంచిగానే స్పందించారు, వెంటనే టెస్ట్ ఆర్డర్ పెట్టి ట్యాగ్ అసిస్టెంట్‌లో చూసి ట్యాగ్ ఒక్కసారే ఫైర్ అవుతోంది, అంతా కరెక్టే అని స్క్రీన్‌షాట్ పంపారు. ట్యాగ్ అంటే ఆర్డర్ పడగానే అమ్మకం అయిందని గూగుల్‌కి చెప్పే కోడ్ ముక్క. అబద్ధమేం కాదు, నిజంగానే ఒక్కసారే పడింది. ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవాళ్ళు.

మరుసటి రోజు ఆఫర్ ఫోటోల కోసం మౌనిక బాలానగర్ గోడౌన్‌కి వెళ్ళినప్పుడు అసలు దారి దొరికింది. యాదగిరన్న అక్కడ పన్నెండేళ్ళుగా ప్యాకింగ్ చూస్తాడు. రిటర్న్ పార్సిళ్ళు గోడవారగా నడుము ఎత్తున పేర్చి ఉన్నాయట. "గివన్నీ వాపసొచ్చినయేనమ్మా, ఇంతకుముందు గిన్ని వస్తుండెనా? అన్నీ సీఓడీయే. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినోళ్ళు మాకొద్దంటరు" అన్నాడంట. మౌనిక లేబుళ్ళు వరసగా చూసుకుంటూ పోయింది, నిజమే, అన్నీ సీఓడీ. గోడౌన్ నుంచే నాకు ఫోన్ చేసి "అన్నా మే నెలలో సీఓడీ ఎంత శాతం ఉండే?" అని అడిగింది. మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇప్పుడు సగం దాటేసింది.

ఏజెన్సీ వాళ్ళు టెస్ట్ ఆర్డర్ ఎప్పుడు పెట్టినా యూపీఐతోనే పెడతారు, ఒక్క రూపాయి కూపన్ వాడి స్కాన్ చేస్తే అయిపోతుంది. సీఓడీతో టెస్ట్ ఎవరూ చెయ్యరు, ఎందుకంటే ఓటీపీ రావాలి, తర్వాత ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని క్యాన్సిల్ చెయ్యాలి, లేకపోతే పార్సిల్ ప్యాక్ అయి వెళ్ళిపోతుంది. మౌనిక యాదగిరన్నకి ముందే చెప్పి అక్కడే స్టూల్ మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌లో మన యాడ్ మీద నొక్కి సైట్‌లోకొచ్చి, ఒక నారాయణపేట చీర సీఓడీలో ఆర్డర్ పెట్టింది. థాంక్యూ పేజీ వచ్చేముందే, పేజీ నుంచి ఏమేం బయటికి వెళ్తున్నాయో చూపించే నెట్‌వర్క్ ట్యాబ్ క్రోమ్‌లో తెరిచి పెట్టుకుంది. కన్వర్షన్, అంటే అమ్మకం అయిందని గూగుల్ యాడ్స్‌కి పోయే కబురు, రెండుసార్లు వెళ్ళింది. రెండింటికీ ఒకటే కన్వర్షన్ ఐడీ, ఒకటే లేబుల్, ఒకటే రేటు. తేడా ఒక్కటే:

```
transaction_id: "18452"
transaction_id: "#18452"
```

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క గుర్తు దగ్గరే రెండు నెలలు పోయాయి. ఒకే ఆర్డర్ నంబర్‌తో ఒకే కన్వర్షన్ రెండుసార్లొస్తే గూగుల్ యాడ్స్ రెండోదాన్ని లెక్కలోకి తీసుకోదు, పేజీ రీఫ్రెష్ చేసినా అమ్మకం రెండింతలు కాకుండా కాపాడేది ఆ నంబరే. కానీ అది నంబర్‌ని ఉన్నదున్నట్టు అక్షరాల్లాగా పోలుస్తుంది, ముందర # ఉంటే దానికది వేరే ఆర్డర్. ఇక రెండో ట్యాగ్ ఎక్కడ్నుంచి వచ్చిందంటే, జూన్ మధ్యలో సీఓడీ ఆర్డర్లకి ఓటీపీ అడగడానికి ఒక ప్లగిన్ పెట్టాం, ఫేక్ ఆర్డర్లు తగ్గుతాయని. దాని సెట్టింగ్స్‌లో గూగుల్ యాడ్స్ కన్వర్షన్ ఐడీ అని ఒక ఖాళీ డబ్బా ఉంది, సెటప్ చేసేటప్పుడు అందులో ఐడీ, లేబుల్ నింపేశారు. ట్యాగ్ మేనేజర్‌లో అప్పటికే ఆ ట్యాగ్ ఉంది. ప్లగిన్ తన థాంక్యూ పేజీలో ఆర్డర్ నంబర్‌ని కస్టమర్‌కి చూపించే రూపంలో, అంటే # తో పంపిస్తుంది. అది సీఓడీకి మాత్రమే నడుస్తుంది కాబట్టి యూపీఐ ఆర్డర్‌లో ఎంత వెతికినా దొరకదు. అనలిటిక్స్‌కి ప్లగిన్ ఏమీ పంపదు, అందుకే అక్కడ అంకె సరిగ్గానే ఉండింది పాపం, మేమే నమ్మలేదు.

సరే, రిపోర్ట్ తప్పు అనుకుందాం, డబ్బులెందుకు తగ్గాయి? మేడం అడిగిన మొదటి ప్రశ్న అదే, "లెక్క తప్పైతే లెక్క సరిచేద్దాం, కానీ నా గల్లాలో డబ్బులెందుకు తగ్గినయ్?" అని. మౌనిక చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది, బోర్డు మీద ఒక్క చీర రేటు రాసి చెప్పింది.

మన క్యాంపెయిన్ టార్గెట్ రోయాస్ మీద నడుస్తోంది, అంటే ప్రతి వేలంలో ఎంత బిడ్ వెయ్యాలో మిషనే నిర్ణయిస్తుంది, ఎలాంటి మనిషి ఏ ఊరి నుంచి ఏ టైమ్‌లో ఏ ఫోన్‌లో వెతికితే ఎంత విలువ వస్తోందో చూసుకుని. సీఓడీలో 2,400 చీర కొంటే దానికి 4,800 అని కనబడింది. యూపీఐలో అదే చీర కొంటే 2,400. సీఓడీ అంటే ఏంటో దానికి తెలీదు, ఈ రకం జనం రెండింతలు కొంటున్నారు అని మాత్రం తెలుసు, కాబట్టి డబ్బంతా అటే పోసింది, ముందు డబ్బు కట్టి కొనే వాళ్ళకి మన యాడ్ కనబడటమే తగ్గిపోయింది. "మేడం, అది మనం చెప్పిందే చేసింది, మనం రోజూ తప్పు చెప్పినం" అంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది, దీన్ని మౌనిక గోడౌన్ చూసొచ్చింది కాబట్టే పట్టుకోగలిగింది. చేనేత చీర ఒక్కో డిజైన్‌లో మూడో నాలుగో ముక్కలుంటాయి, ఆర్డర్ పడగానే సైట్‌లో స్టాక్ తగ్గిపోతుంది. సీఓడీలో పెట్టి తీసుకోని చీర వెళ్ళి తిరిగి గోడౌన్ చేరి మళ్ళీ సైట్ మీదకి ఎక్కేసరికి రెండు మూడు వారాలు. ఆ రోజుల్లో నిజంగా కొనాలని వచ్చిన మనిషికి స్టాక్ లేదు అని కనబడుతుంది. వరలక్ష్మీ వ్రతానికి గద్వాల కావాలని వాట్సాప్‌లో అడిగిన వాళ్ళకి లేదండీ అని జవాబిచ్చింది కూడా మౌనికే, అవే చీరలు ఎక్కడో కొరియర్ హబ్‌లో తిరుగుతున్నాయి. పైగా పోను రాను కొరియర్ చార్జీలు మనవే.

అదే రాత్రి ప్లగిన్‌లో ఆ డబ్బాలు ఖాళీ చేయించి, సీఓడీతో ఒకటి యూపీఐతో ఒకటి ఆర్డర్ పెట్టి చూసుకుంది, రెండింటికీ ఒక్కొక్కటే వెళ్ళింది. తర్వాత పాతవి సరిచెయ్యాలి. ఏ # వల్ల ఇదంతా జరిగిందో అదే ఇక్కడ పనికొచ్చింది, దొంగ కన్వర్షన్లన్నిటికీ ముందు # ఉంది కాబట్టి విడదీయడం చాలా తేలిక. ఆ నంబర్లన్నీ ఒక షీట్‌లో పెట్టి, అడ్జస్ట్‌మెంట్ టైప్ దగ్గర `RETRACT`, అంటే లెక్కలోంచి తీసెయ్యి, అని రాసి అప్‌లోడ్ చేశారు ఏజెన్సీ వాళ్ళు. ఆ వారంలో 161 పోయి 251 మిగిలాయి, నా షీట్‌తో పక్కన పెడితే ఇప్పుడు నమ్మేలా ఉంది. జూన్‌వి కొన్నిటికి సవరించే గడువు దాటిపోయింది, వాటికి డేటా ఎక్స్‌క్లూజన్ పెట్టారు, ఆ తేదీల క్లిక్కుల నుంచి బిడ్డింగ్ ఏమీ నేర్చుకోవద్దని.

డ్యాష్‌బోర్డ్‌లో రోయాస్ ఒక్కసారిగా పడిపోయింది. పడుతుందని మౌనిక ముందే మేడంకి చెప్పి పెట్టింది, అలాగే పాత టార్గెట్ అలాగే ఉంచితే మిషన్ భయపడి ఖర్చు పూర్తిగా ఆపేస్తుంది, మే నెల అసలు లెక్కకి దగ్గరగా దించుదాం అని కూడా. నా దృష్టిలో తప్పు పట్టుకోవడం కంటే ఈ మాట పెద్దది. దించారు. మొదటి వారం పెద్దగా మార్పు లేదు, వరలక్ష్మీ వ్రతం అమ్మకం మాకు పోయినట్టే, అది తిరిగి రాలేదు. శ్రావణం చివరికొచ్చేసరికి యూపీఐ ఆర్డర్లు సీఓడీని దాటాయి, బాలానగర్‌లో గోడవారగా ఉన్న కుప్ప మోకాలి ఎత్తుకి దిగింది.

ఇప్పుడు సైట్‌లో ఏ కొత్త ప్లగిన్ పెట్టినా సీఓడీ టెస్ట్ ఆర్డర్ లేకుండా లైవ్‌కి వెళ్ళదు, క్యాన్సిల్ చేసే బాధ్యత యాదగిరన్న తీసుకున్నాడు. సోమవారం మీటింగ్‌లో డ్యాష్‌బోర్డ్ తెరిచే ముందు నా ఆర్డర్ షీట్, బ్యాంక్ లెక్క తెరుస్తారు, ఆ తర్వాతే మిగతావి. ఆ వరస మౌనిక పెట్టిందే. దసరాకి గద్వాల ఎన్ని ముక్కలు తెప్పించాలో మాట్లాడుకునేటప్పుడు మేడం ఈసారి ముందు ఏజెన్సీ వైపు కాదు, మౌనిక వైపు తిరిగి అడిగారు. "యాదగిరన్న వాపసొచ్చినవి లెక్కపెట్టి చెప్పనీయండి మేడం, వాటిల్లో మంచియి ఎన్నున్నయో తెలిసినంక ఆర్డర్ పెడదాం" అంది.