శనివారం సూర్యలంక ట్రిప్పుకి పాటల లిస్ట్ రెడీ, తిట్టేముందు మొత్తం చదవండి

అందరికీ నమస్తే. గ్రూపులో నాలుగు రోజుల నుంచి పాటల మీద జరుగుతున్న గొడవ చూసి, పాటల డ్యూటీ నాకిచ్చారు కాబట్టి నేనే ఒక లిస్ట్ వేసేశాను. ల్యాబులో మలయాళం వాళ్లు, క్వాలిటీలో తమిళ్ వాళ్లు, ప్యాకింగ్ సెక్షన్లో ఒడియా తమ్ముళ్లు, సేల్స్‌లో హిందీ భాయ్‌లు, బెంగాలీ మేడం, అకౌంట్స్‌లో వచ్చే ఏడాది రిటైర్ అయ్యే పెద్దాయన, మొన్న జాయినైన ట్రైనీ పిల్లలు... ఇంతమందికి తలా మూడు పాటలని కోటా పెడితే ఒకళ్ల పాటకి మిగతావాళ్లంతా ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. అందుకని భాష లెక్క పక్కనపెట్టి ఒక్కటే చూశాను, ఆ పాట రానివాళ్లు కూడా రెండోసారి పల్లవి వచ్చేసరికి అందుకోగలరా లేదా అని. అందుకోలేరు అనిపించినవి నాకు ఎంత ఇష్టమైనా తీసేశాను.

బస్సు పొద్దున ఆరున్నరకి చుట్టుగుంట దగ్గర. బయల్దేరేటప్పుడు డ్రైవర్ గారు కొబ్బరికాయ కొడితే కొట్టనివ్వండి, అది ఆయన ఇష్టం, కానీ స్పీకర్లో భక్తి పాటలు మాత్రం ఏ మతానివీ పెట్టట్లేదు, అందరం కలిసి వెళ్తున్నాం కదా. మొదటి పాట 'చెప్పవే చిరుగాలి', ఒక్కడు 2003. పొద్దున్నే చల్లగాలికి బాగుంటుంది, పాడింది ఉదిత్ నారాయణ్, సుజాత కాబట్టి హిందీ వాళ్లకీ మలయాళం వాళ్లకీ గొంతులైనా తెలిసినవే, పైగా గుంటూరు నుంచి వెళ్లే బస్సులో మహేశ్ పాట లేకపోతే మనల్ని చేబ్రోలు కూడా దాటనివ్వరు. తర్వాత దిల్ సే లో 'ఛయ్య ఛయ్య', అప్పటికి నిద్రపోయేవాళ్లు లేస్తారు. దాని వెనకే చూడాలని వుంది నుంచి 'యమహా నగరి', హరిహరన్ పాడింది. వేటూరి గారు తెలుగులో కలకత్తా గురించి రాసిన పాట కాబట్టి అది బెంగాలీ మేడం గారికి, వాళ్ల ఊరి పేరు మన మెగాస్టార్ నోట వింటే ఆవిడ మొహం ఎలా ఉంటుందో చూడాలని నా కోరిక.

పొన్నూరు దాటాక ఒక స్పెషల్ ఉంది. బాపట్ల పక్కన అప్పికట్ల ఉంది కదా, కొసరాజు రాఘవయ్య చౌదరి గారు పుట్టిన ఊరు. ఆయన రాసిన 'ఏరువాకా సాగారో' పెడతాను, రోజులు మారాయి, 1955, జిక్కి గారు పాడింది, డ్యాన్స్ చేసింది వహీదా రెహమాన్, అప్పటికింకా ఆవిడ హిందీ సినిమాల్లోకి వెళ్లలేదు. ఈ ట్యూన్ హిందీలోకి కూడా వెళ్లింది, బంబయీ కా బాబూలో ఎస్.డి. బర్మన్ మ్యూజిక్‌లో 'దేఖ్‌నే మే భోలా హై' అని ఆశా భోంస్లే పాడారు. రెండూ వెంటవెంటనే వేస్తాను. అకౌంట్స్ సారు తెలుగుది అందుకుంటారు, సేల్స్‌లో ఉన్న పెద్ద భాయ్ హిందీది అందుకుంటారు, ఇద్దరూ ఒకటే ట్యూన్ మీద ఉంటారు. పిల్లలకి రెండూ కొత్తవే అనుకోండి, అయినా ఆ దరువుకి చప్పట్లు కొట్టకుండా కూర్చోలేరు, కావాలంటే పందెం. కొసరాజు గారిదే ఇంకోటి కూడా, 'అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే', కులగోత్రాలు సినిమాలోది, ఇది మాత్రం నెలాఖరులో రీయింబర్స్‌మెంట్ బిల్లులు వెనక్కి పంపే అకౌంట్స్ సెక్షన్‌కి మా అందరి తరఫున అంకితం.

అంత్యాక్షరి బస్సులోనే. టీంలు డిపార్ట్‌మెంట్ ప్రకారం కాదు, కుడివైపు సీట్లు ఒక టీం, ఎడమవైపు సీట్లు ఒక టీం. ఏ భాషైనా పర్లేదు, అక్షరం చెవికి ఎలా వినిపిస్తే అలా, రాతలో ఏముందని వాదించకూడదు. మాటలు రాకపోతే ట్యూన్ హమ్ చేసినా సగం పాయింట్. ఇది ప్రత్యేకంగా ఒడియా తమ్ముళ్ల కోసం పెట్టిన రూల్, వాళ్లకి మన పాటలన్నీ తెలుసు, సిగ్గుపడతారు అంతే. వాళ్ల సంబల్‌పురి పాట 'రంగబతి' కూడా లిస్టులో ఉంది, ఒక్కసారి వినండి, మన జాతరలో డప్పు విన్నట్టే ఉంటుంది.

ఇక బీచ్ దగ్గర. ముందు తాడులాట. దానికి క్వీన్ వాళ్ల 'వి విల్ రాక్ యు' అనుకున్నాను, 1977 పాట, రెండు సార్లు కాలు కొట్టడం ఒక చప్పట్లు, జనం కూడా కలవాలనే అలా కట్టారు. చిక్కేంటంటే ఇసకలో కాలు ఎంత గట్టిగా కొట్టినా చప్పుడు రాదు. కాబట్టి ఖాళీ అయిన ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు పారేయకండి, క్యాన్ మీద రెండు దెబ్బలు, తర్వాత చప్పట్లు. తాడు పట్టుకోలేనివాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు క్యాన్ల దగ్గర కూర్చుంటారు, నిజానికి ఆటకి ఊపు వచ్చేది వాళ్లతోనే.

కుర్చీలాటకి అందరూ 'కుర్చీ మడతపెట్టి' అడుగుతున్నారు, అర్థమైంది, కుర్చీ ఉంది కదా అని. ఆ మాట అసలు ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు, తెలియని తమిళ్ అమ్మాయి 'దీని మీనింగ్ ఏంటి సార్' అని అడిగితే ఆన్సర్ చెప్పే ధైర్యం మీలో ఎవరికుంది? ఎండీ గారు, వాళ్లావిడ కూడా వస్తున్నారు. కాబట్టి పాట లేదు, కరోకే ట్రాక్ ఉంది, మాటల్లేకుండా బీట్ మాత్రం వేస్తాను. అలాగే ఐటెం సాంగ్స్, డబుల్ మీనింగ్, రంగునీ ఒళ్లునీ ఎగతాళి చేసేవి, కులం మీసం తిప్పేవి, పార్టీ పాటలు ఇవేవీ లేవు, దీనిమీద డిస్కషన్ కూడా లేదు. 'లుంగీ డ్యాన్స్' కూడా నేనే తీసేశాను. బూతు లేదు కరెక్టే, కానీ మన తమిళ్, మలయాళం వాళ్లని చూపించి నవ్వడానికే దాన్ని వాడేస్తారు మనవాళ్లు.

డ్యాన్స్ టైంలో మెయిన్ ఐటెం 'నాటు నాటు'. ఆస్కార్ వచ్చిందని కాదు, ఈ పాట హిందీలో 'నాచో నాచో', తమిళంలో 'నాట్టు కూత్తు', కన్నడంలో 'హళ్లి నాటు', మలయాళంలో 'కరింతోల్' అని ఐదు భాషల్లో ఉంది. ఐదు వెర్షన్లూ ముక్కలుగా కట్ చేసి ఒకదాని వెనక ఒకటి అతికించాను, ఏ భాష ముక్క వస్తే ఆ భాష వాళ్లు ముందుకి రావాలి, తెలుగు వాళ్లం ఎక్కువమందిమి కాబట్టి మనం ఆఖర్న. స్టెప్పు రాకపోయినా పర్లేదు, ఆ పాటకి ఎవరి స్టెప్పూ కరెక్టుగా ఉండదు. దాని తర్వాత 'అరబిక్ కుత్తు', అందులో సగం మాటలకి ఏ భాషలోనూ అర్థం లేదు కాబట్టి అందరం సమానం. 'ముక్కాలా ముకాబులా' మాత్రం మన లోకల్ కోటా, ప్రభుదేవా స్టెప్పులు చూసి అందరూ తమిళ్ పాట అంటారు గానీ పాడిన మనో గారు మన సత్తెనపల్లి. 'జిమిక్కి కమ్మల్' మలయాళం వాళ్లు వద్దన్నా నేను వేస్తాను. అమ్మ జిమిక్కీలు నాన్న ఎత్తుకుపోతే నాన్న బ్రాందీ సీసా అమ్మ తాగేసిందట, ఇంతకన్నా ఫ్యామిలీ పాట ఉంటుందా. 'గోదారి గట్టు మీద' కూడా ఉంది, రమణ గోగుల గొంతు వినగానే నలభై దాటినవాళ్లు లేస్తారు, పాట కొత్తది కాబట్టి పిల్లలూ లేస్తారు. 'బుట్టబొమ్మ' చెప్పక్కర్లేదు.

డ్యాన్స్ చేయను అన్నవాళ్లని చెయ్యి పట్టి లాగొద్దు. ఇది రిక్వెస్ట్ కాదు. స్కోర్ రాయడం, వీడియో తీయడం, మజ్జిగ పంచడం, పనులు బోలెడున్నాయి. స్టోర్స్‌లో ఉన్న అన్న చెవి మిషన్ పెట్టుకుంటారు, స్పీకర్ పక్కన ఉంటే ఆయనకి గీ అని సౌండ్ వచ్చి నొప్పిగా ఉంటుందట, అందుకని స్పీకర్ సర్వీ చెట్ల వైపు పెడతాం, ఆయన కుర్చీ అవతలి వైపు.

భోజనాలకి ఏ పాటో ఊహించే ఉంటారు. మాయాబజార్, 1957, 'వివాహ భోజనంబు', మాధవపెద్ది సత్యం గారి గొంతు, ఎస్వీ రంగారావు గారి నవ్వు. గారెలు, బూరెలు, అరిసెలు, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం అని పాటలో ఉన్నవన్నీ వెజ్జే, కాబట్టి జైన్ భాయ్‌లకి కూడా అభ్యంతరం ఉండదు. మనకి మాత్రం చికెన్ బిర్యానీ విడిగా ఉంది, కంగారు పడకండి. పాట అయ్యాక నవ్వుల పోటీ, ఆ ఘటోత్కచుడి నవ్వు ఎవరు ఎక్కువసేపు ఆపకుండా నవ్వితే వాళ్లకి ఫస్ట్ స్వీట్. మాటలతో పనే లేదు, తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఇందులో గెలవొచ్చు. నా అంచనా ప్రకారం గెలిచేది క్యాంటీన్ అక్కే.

ఐదింటికి రిటర్న్. అలసిపోయి ఉంటాం కాబట్టి సౌండ్ సగానికి తగ్గిస్తాను. 'యే దోస్తీ', షోలే, కిశోర్ కుమార్, మన్నాడే. తర్వాత ఎన్టీఆర్ గారి నిప్పులాంటి మనిషిలో బాలు గారి 'స్నేహమే నా జీవితం', అది జంజీర్‌కి రీమేక్, అక్కడ మన్నాడే 'యారీ హై ఈమాన్ మేరా' అని పాడారు, సేల్స్ భాయ్ దాన్నీ అడిగారు, అదీ ఉంది. రెహమాన్ 'ముస్తఫా ముస్తఫా' ఏ భాష వెర్షన్ అనేది ఆ టైంకి ఎవరు మెలకువగా ఉంటే వాళ్ల ఇష్టం. కన్నడ మేడం కోసం పునీత్ గారి రాజకుమార నుంచి 'బొంబె హేళుతైతే', అది వచ్చినప్పుడు కాసేపు మాటలు ఆపండి, ఆవిడకి ఆ పాటంటే ఎంతో మీకు తెలుసు. చేబ్రోలు దాటాక పాటలు బంద్, చిన్న పిల్లలున్నారు.

పవన్ ఫ్యాన్స్, ప్రభాస్ ఫ్యాన్స్, బాలయ్య ఫ్యాన్స్, మీ పాట లేదని నాకు ఫోన్లు చేయకండి, మనిషికి ఒక్క పాట చొప్పున గురువారం రాత్రి పదిలోపు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, పైన చెప్పిన రూల్స్‌కి లోబడి ఉంటే యాడ్ చేస్తాను. బీచ్ దగ్గర సిగ్నల్‌ని నమ్ముకోలేం కాబట్టి అన్నీ ముందే డౌన్‌లోడ్ చేస్తున్నాను, అక్కడికి వెళ్లాక 'అన్నా ఇదొక్కటి' అంటే కుదరదు. బ్లూటూత్ నా ఫోన్‌కి తప్ప ఇంకెవరి ఫోన్‌కీ కనెక్ట్ చేయొద్దు, పాట మధ్యలో ఎవరి ఇంటినుంచో కాల్ వస్తే బస్సు మొత్తం వింటుంది.

ఇంకోటి, పెద్ద స్పీకర్ చార్జింగ్ కేబుల్ స్టోర్ రూంలో లేదు, ఎవరు తీసుకెళ్లారో రేపు పొద్దునకల్లా రిసెప్షన్‌లో ఇచ్చేయండి.