విషయం: డ్రాయింగ్ అప్రూవల్స్‌లో పదేపదే ఆలస్యం

కన్సల్టెంట్ గారికి,

నమస్కారం. ఒప్పందం ప్రకారం మేం పంపిన డ్రాయింగ్స్‌కు 14 రోజుల్లో అప్రూవల్ రావాలి. ఫౌండేషన్ స్టీల్ డ్రాయింగ్ మార్చి 3న పంపాం, 29న వచ్చింది. 12 రోజులు ఆలస్యం. కాలమ్స్‌వి ఏప్రిల్ 7న పంపితే మే 2న వచ్చాయి. అందులో ఒక షీట్ మేమే రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాం, అది ఒప్పుకుంటున్నాం. మిగతా తొమ్మిది రోజులు మీవైపువే.

మే 5న పంపిన మొదటి అంతస్తు స్లాబ్ డ్రాయింగ్‌కు గడువు 19తో ముగిసింది. ఈరోజు 27, ఇంకా జవాబు లేదు. సెంట్రింగ్ పూర్తయింది, స్టీల్ కట్ చేసి సైట్‌లో పెట్టాం. బార్‌బెండర్లు నిన్నటి నుంచి ఖాళీగా కూర్చున్నారు. వాళ్లకు పని చూపించలేకపోవడం మాకు చాలా కష్టంగా ఉంది.

దయచేసి మే 30 సాయంత్రంలోగా అప్రూవల్ గానీ, మార్పులు కావాలంటే రాతపూర్వకంగా మీ కామెంట్స్ గానీ పంపండి. సందేహాలుంటే రేపే మా ఇంజనీర్‌ను మీ ఆఫీసుకు పంపిస్తాం.

ఈ ఆలస్యాల వల్ల అదనపు గడువు, ఖర్చు కోరే హక్కు మాకు ఉంటుంది. ఈ మెయిల్‌ను రికార్డు కోసం క్లయింట్‌కు కూడా కాపీ చేస్తున్నాం.

ఇట్లు,
ప్రాజెక్ట్ మేనేజర్