చిన్న వ్యాపారం వెబ్‌సైట్‌కు ఏడాదికి ఎంతవుతుంది? డొమైన్ నుంచి ఫొటోల మార్పు దాకా

ఫర్నిచర్ రిపేర్ చేసే ఒక చిన్న వర్క్‌షాప్ వెబ్‌సైట్‌ను లెక్కకు తీసుకుందాం. వర్డ్‌ప్రెస్‌లో కట్టిన 14 పేజీల సైట్. ఒక ఎంక్వైరీ ఫారం, 60 ఫొటోల గ్యాలరీ, డొమైన్ పేరుతో రెండు మెయిల్ బాక్సులు ఉన్నాయి. ఆన్‌లైన్ అమ్మకాలు లేవు. సైట్ బాగోగులు చూసేది బయటి మనిషి, గంటల లెక్కన.

ధరలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి డబ్బులో చెప్పడం కంటే డొమైన్‌కు ఏటా కట్టే రెన్యువల్ మొత్తాన్ని 1 యూనిట్ అనుకుంటే సులువు. బయటి మనిషి గంట పనికి 2 యూనిట్లు పెట్టాం. మీ దగ్గర గంట రేటు వేరైతే కింది పట్టికలో గంటలు ఉన్న రెండు వరుసలు మార్చుకోండి.

| ఖర్చు | ఏడాదికి యూనిట్లు |
|---|---|
| డొమైన్ | 1 |
| హోస్టింగ్ (రెన్యువల్ ధర) | 9 |
| రెండు మెయిల్ బాక్సులు | 8 |
| ప్లగిన్ లైసెన్సులు | 14 |
| మెయింటెనెన్స్, 18 గంటలు | 36 |
| కంటెంట్ మార్పులు, 24 గంటలు | 48 |
| అనుకోని పనులకు పక్కన పెట్టేది | 12 |
| మొత్తం | 128 |

డొమైన్, హోస్టింగ్ రెండూ కలిపినా పదో వంతు కూడా లేవు. మూడింట రెండు వంతులు మనుషుల గంటలకే పోతోంది. అయినా బేరం ఎక్కువగా నడిచేది హోస్టింగ్ దగ్గరే, ఎందుకంటే బిల్లు రూపంలో కళ్లకు కనిపించేది అదే.

డొమైన్: తక్కువ ఖర్చు, ఎక్కువ ప్రమాదం

మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి లెక్క వేయకండి. కొనే పేజీలోనే చిన్న అక్షరాల్లో రెన్యువల్ ధర ఉంటుంది, బడ్జెట్‌లో రాయాల్సింది దాన్నే. డాట్ కామ్ లాంటివి ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్ల వరకు తీసుకోవచ్చు. వ్యాపారం నిలబడిందనుకుంటే మూడేళ్లకో ఐదేళ్లకో కట్టేయడం మంచిది. డబ్బు మిగులుతుందని కాదు, మరిచిపోయే అవకాశాలు తగ్గుతాయని.

గడువు దాటితే జరిగేది ఇది. ముందు సైట్, మెయిల్ రెండూ ఆగిపోతాయి. డాట్ కామ్ లాంటి వాటికి, డొమైన్ అమ్మిన కంపెనీని అంటే రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకో, కొంచెం అదనంగానో తిరిగి తీసుకునే వీలు ఉండొచ్చు. అదీ దాటి డొమైన్ డిలీట్ అయితే 30 రోజుల రిడెంప్షన్ దశ మొదలవుతుంది. అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు రెన్యువల్‌కు ఎన్నో రెట్లు ఫీజు పడుతుంది. ఆ తర్వాత 5 రోజులకు పేరు ఎవరికైనా దొరుకుతుంది. దేశాల పేరుతో ఉండే డొమైన్లకు ఈ గడువులు వేరు.

ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని ఊరుకుంటారు. కార్డు గడువు తీరిపోతే అది పని చేయదు. రిజిస్ట్రార్ గడువుకు సుమారు నెల ముందు, మళ్లీ వారం ముందు గుర్తుచేస్తూ మెయిల్ పంపుతుంది. కానీ ఆ ఖాతాలో ఇచ్చిన చిరునామా ఎవరిది? సైట్ కట్టి వెళ్లిపోయిన డెవలపర్‌దైతే ఆ మెయిల్ మీకు చేరదు. అదే డొమైన్ మీద ఉన్న చిరునామా ఇచ్చినా చిక్కే, డొమైన్ ఆగిన రోజున ఆ మెయిల్ బాక్స్ కూడా ఆగుతుంది. రిజిస్ట్రార్ ఖాతా మీ పేరుతో, మీ డొమైన్‌తో సంబంధం లేని మెయిల్‌తో ఉండాలి.

మీ రిజిస్ట్రార్ కాని కంపెనీల నుంచి ‘మీ డొమైన్ గడువు తీరుతోంది’ అంటూ బిల్లులా కనిపించే ఉత్తరాలు కూడా వస్తుంటాయి. కంపెనీ పేరు సరిచూసుకోకుండా కట్టకండి.

హోస్టింగ్: రెండో బిల్లే అసలు బిల్లు

ఆఫర్ ధర మొదటి గడువు వరకే. రెన్యువల్‌కు అది రెండు మూడు రెట్లు కావడం మామూలే. అందుకే పట్టికలో 9 రాశాం, మొదటి ఏడాది బిల్లు 3 లేదా 4 మాత్రమే ఉండి ఉండొచ్చు. పెరిగిన బిల్లు వచ్చాక గాభరా పడేకంటే గడువుకు రెండు నెలల ముందే సపోర్ట్‌కు రాసి, పాత కస్టమర్‌కు ఏమైనా తగ్గిస్తారా అని అడగండి. సైట్‌ను వేరే చోటికి మార్చాలన్నా ఆ రెండు నెలలు కావాలి.

14 పేజీల సైట్‌కు పెద్ద ప్లాన్ అక్కర్లేదు. ఫొటోలు తగ్గించి పెడితే మొత్తం 2 జీబీ దాటదు. ‘అన్‌లిమిటెడ్’ అన్న ప్లాన్లకు కూడా సాధారణంగా ఫైళ్ల సంఖ్య మీద పరిమితి ఉంటుంది. పాత బ్యాకప్‌లు, చదవకుండా పేరుకున్న మెయిల్స్ దాన్ని నింపేస్తాయి. నిండిన రోజున అప్‌డేట్ సగంలో ఆగిపోయి సైట్ తెల్ల పేజీగా మారొచ్చు. ఖరీదైన ప్లాన్‌కు మారమని సలహా వచ్చేది సరిగ్గా అప్పుడే. ముందు పాత బ్యాకప్‌లు తీసేసి చూడండి.

సైట్‌కు, చూసేవాళ్లకు మధ్య సమాచారాన్ని గోప్యంగా ఉంచే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కు విడిగా డబ్బు కట్టాల్సిన అవసరం ఇలాంటి సైట్‌కు లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్ సరిపోతుంది, గడువు తీరకముందే హోస్టింగే దాన్ని దానంతట అది మార్చుకుంటుంది. డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ మార్చినప్పుడు ఈ మార్పిడి ఆగిపోయే ప్రమాదం ఉంది. 2025 జూన్ నుంచి గడువు హెచ్చరిక మెయిల్స్ పంపడం ఆ సంస్థ ఆపేసింది, కాబట్టి నెలవారీ తనిఖీలో సర్టిఫికెట్ తేదీ కూడా చూడాలి.

మెయిల్ బాక్సులకు మనిషికి ఇంత అని కడతారు. సేల్స్, సపోర్ట్, ఇన్ఫో అని ఒక్కో పేరుకు ఒక్కో బాక్స్ కొనకండి. అవన్నీ ఒకే బాక్స్‌కు ఏలియాస్‌లుగా, అంటే అదే బాక్స్‌కు చేరే అదనపు చిరునామాలుగా పెట్టుకోవచ్చు, చాలా సర్వీసుల్లో వాటికి అదనపు ధర ఉండదు.

ప్లగిన్లు

ప్లగిన్ అంటే వర్డ్‌ప్రెస్‌కు అదనపు పని జోడించే చిన్న ప్రోగ్రాం. ఈ సైట్‌లో డబ్బు కట్టినవి మూడు: ఫారం 4, బ్యాకప్ 5, పేజీల కాపీ దాచి సైట్‌ను వేగంగా తెరిపించే క్యాషింగ్ 5 యూనిట్లు. లైసెన్స్ సాధారణంగా ఒక సైట్‌కు, ఒక ఏడాదికి. గడువు తీరాక చాలా ప్లగిన్లు పని చేస్తూనే ఉంటాయి, అప్‌డేట్లు మాత్రం ఆగుతాయి. అందుకే ఎవరికీ తెలియదు. ఏడాది తర్వాత ఆ పాత వెర్షన్‌లో భద్రతా లోపం బయటపడితే సైట్‌లోకి దారి అదే అవుతుంది.

రెన్యూ చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని హోస్టింగే చేస్తోందా? సర్వర్ స్థాయిలో క్యాషింగ్ ఉంటే పై లెక్కలో 5 యూనిట్లు అక్కడికక్కడే మిగులుతాయి, పైగా రెండు క్యాషింగ్‌లు కలిస్తే మార్చిన ధర పేజీలో కనిపించక తల పట్టుకోవాల్సి వస్తుంది. ఉచిత వెర్షన్ సరిపోతుందా? ఒక్క ఎంక్వైరీ ఫారానికి తరచూ చాలు. లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది? డెవలపర్ తన లైసెన్స్ వాడి ఉంటే ఆయనతో పని ఆగిన రోజున అప్‌డేట్లూ ఆగుతాయి. సైట్ రూపం కోసం కొన్న థీమ్‌తో పాటు కలిపి ఇచ్చే ప్రీమియం ప్లగిన్లదీ ఇదే తంతు. వాటికి సొంత లైసెన్స్ ఉండదు, థీమ్ తయారీదారు కొత్త వెర్షన్ ఇచ్చేదాకా ఆగాలి.

వాడని ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదిలేస్తే చాలదు. దాని ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, డిలీట్ చేయాలి.

మెయింటెనెన్స్: నెలకు గంటన్నరలో ఏం జరగాలి

నెలకు ఇంత అని కడుతూ, ఏం చేశారో తెలియని ఒప్పందాలే ఎక్కువ. నెలవారీ పని ఈ వరుసలో జరగాలి: ఫైళ్లు, డేటాబేస్ రెండింటి బ్యాకప్ తీసి హోస్టింగ్ సర్వర్‌లో కాక వేరే చోట దాచడం, ప్లగిన్లను ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేయడం, తర్వాత థీమ్‌ను, వర్డ్‌ప్రెస్‌ను అప్‌డేట్ చేయడం, హోమ్ పేజీ, గ్యాలరీ, కాంటాక్ట్ పేజీలను ఫోన్‌లోనూ చూడడం, ఎంక్వైరీ ఫారం నుంచి ఒక పరీక్ష మెసేజ్ పంపి అది ఇన్‌బాక్స్‌కు చేరిందో లేదో చూడడం. అన్నీ ఒకేసారి అప్‌డేట్ చేసి సైట్ పాడైతే కారణం ఏ ప్లగిన్ అన్నది వెతకడానికే రెండు గంటలు పోతాయి.

పరీక్ష మెసేజ్ పంపడాన్ని చాలామంది వదిలేస్తారు. ఫారం ‘ధన్యవాదాలు’ అని చూపిస్తుంది, మెసేజ్ మాత్రం రాదు. సర్వర్ నుంచి నేరుగా వెళ్లే మెయిల్‌ను స్పామ్‌గా తోసేయడం దీనికి మామూలు కారణం. మెయిల్ పంపే పద్ధతి అయిన ఎస్ఎమ్‌టీపీ ద్వారా మెయిల్ బాక్స్ ఖాతాతోనే పంపేలా పెట్టి, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్ రికార్డులు సరిచేస్తే చాలావరకు తీరుతుంది. గంట పని. మూడు నెలలు ఎంక్వైరీలు రాకపోతే పోయేది దానికంటే చాలా ఎక్కువ.

మూడు నెలలకోసారి బ్యాకప్‌ను ఒక టెస్ట్ సైట్‌లో రిస్టోర్ చేసి చూడమనండి. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోకూడదు. వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ, ఏడాదికోసారి దాని వెర్షన్ చూడాలి. 8.1కు భద్రతా మద్దతు 2025 చివరితో ముగిసింది, 8.2కు 2026 చివరి దాకా ఉంది. పాత వెర్షన్ మీద కొనసాగితే అదనపు రుసుము వేసే హోస్టింగ్ కంపెనీలూ ఉన్నాయి. వెర్షన్ మార్పుకు పాత థీమ్ అడ్డుపడితే పట్టికలో పక్కన పెట్టిన 12 యూనిట్లు వాడేది అప్పుడే.

కంటెంట్: తగ్గించగలిగింది ఇక్కడే

పని వేళలు మారాయి, ఒక ధర మారింది, ఐదు కొత్త ఫొటోలు పెట్టాలి. ఒక్కొక్కటి ఐదు నిమిషాల పనే. కానీ గంటల లెక్కన చేసేవాళ్లు ఒక్కో అభ్యర్థనకు కనీసం 15 లేదా 30 నిమిషాలు వేస్తారు, అది న్యాయమే కూడా, లాగిన్ అయి మార్చి సరిచూడ్డానికి ఆ సమయం పడుతుంది. నెలలో ఆరు మెసేజ్‌లు విడివిడిగా పంపితే అరగంట చొప్పున మూడు గంటలు. అవే ఆరు ఒక్క మెయిల్‌లో పంపితే గంట. మెయిల్‌లో పేజీ లింక్, ఇప్పుడున్న వాక్యం, దాని స్థానంలో రావాల్సిన వాక్యం రాయండి. ‘ధరల పేజీ కాస్త సరిచేయండి’ అని రాస్తే రెండు సార్లు ఫోన్, రెండు సార్లు బిల్లు.

పని వేళలు, ధరలు, గ్యాలరీ ఈ మూడింటిని మీరే మార్చుకోవడం నేర్చుకుంటే 24 గంటలు 10కి దిగుతాయి. 28 యూనిట్లు మిగిలినట్టు. హోస్టింగ్ కంపెనీ మార్చి ప్రయాసపడి మిగిల్చే 3 యూనిట్లు దీని ముందు చిన్నవి. మీకు అడ్మిన్ లాగిన్ బదులు ఎడిటర్ స్థాయి లాగిన్ ఇవ్వమని అడగండి, పొరపాటున ప్లగిన్ తీసేసే భయం ఉండదు. ఫోన్‌లో తీసిన ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1600 పిక్సెళ్లకు, సైజు 300 కేబీ లోపుకు తగ్గించాకే ఎక్కించండి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన ఫొటోలు వద్దు, హక్కుదారు నుంచి వచ్చే నోటీసు ఏడాది బడ్జెట్‌ను మింగుతుంది.

మారేది ఏమీ లేని మూడు పేజీల సైటైతే ఇంత అవసరమే లేదు. హోస్టింగ్, అప్‌డేట్లు అన్నీ కలిసి వచ్చే సైట్ బిల్డర్ చందా చౌకగా తేలొచ్చు. ఒక్కటే ఇబ్బంది, అక్కడ కట్టిన సైట్‌ను ఉన్నదున్నట్టుగా వేరే చోటికి పట్టుకెళ్లలేరు.

చివరగా ఒక షీట్ తయారు చేసుకోండి. డొమైన్, హోస్టింగ్, మెయిల్, ఒక్కో ప్లగిన్‌కు ఒక్కో వరుస. ఖాతా ఎవరి పేరు మీద ఉంది, ఏ మెయిల్‌తో లాగిన్, ఏ కార్డు, ఏ తేదీన రెన్యువల్, ఆఫర్ పోయాక ధర ఎంత అన్న గడులు చాలు. పాస్‌వర్డులు ఇందులో రాయకండి, వాటిని పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంచండి. ప్రతి రెన్యువల్‌కు రెండు నెలల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. కార్డు మారిన రోజున ఈ షీట్ తెరిచి, ఆ పాత కార్డు ఉన్న వరుసలన్నీ అదే రోజు మార్చేయండి.