విషయం: ఉద్యోగం మానేసినవారి ఈఆర్‌పీ ఐడీలు 11 మూసేయాలి – రెండు ఈరోజే

తేదీ: 2025 సెప్టెంబర్ 8, సోమవారం
ఎవరికి: ఐటీ మేనేజర్, హన్మకొండ హెడ్ ఆఫీస్
కాపీ: హెచ్‌ఆర్ మేనేజర్, యార్డు ఇన్‌చార్జి, జమ్మికుంట, ఇంటర్నల్ ఆడిటర్

ఐటీ మేనేజర్ గారికి,

నమస్కారం. ఆగస్టు 31 నాటికి మన ఎస్‌ఏపీలో ఉన్న యూజర్ల జాబితాను, హెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చిన రిలీవింగ్ లిస్టును పక్కపక్కన పెట్టి చూశాం. 146 యాక్టివ్ ఐడీల్లో 11 మన దగ్గర ఇప్పుడు పనిచేయని వాళ్లవి. పేర్లు, రిలీవ్ అయిన తేదీ, చివరిసారి లాగిన్ అయిన తేదీ, ఉన్న రోల్స్ అన్నీ జతచేసిన షీట్‌లో ఉన్నాయి. మూసే వరుస ఇది:

```
08-09-2025   WJ_ST04, WH_AP03
10-09-2025   WJ_KT01, WP_KT02, WN_KT01
12-09-2025   WH_MM02, WH_SD05, WH_GL06,
             WP_ST01, WN_ST02, WH_QC01
```

అన్నిటికంటే ముందు WJ_ST04 సంగతి. ఇది జమ్మికుంట స్టోర్ కీపర్‌ది. ఆయన జూన్ 14న రిలీవ్ అయ్యారు. కానీ ఈ ఐడీతో సెప్టెంబర్ 5 వరకు లాగిన్లు ఉన్నాయి. జూన్ 14 తర్వాత MIGOలో 17 రసీదులు పడ్డాయి. అన్నీ సీజన్ ముందు జిన్నింగ్ మిషన్ల ఓవర్‌హాలింగ్‌కు తెప్పించిన రోలర్లు, బేరింగులు, బేళ్లకు కట్టే పట్టీలు. మా వాళ్లు ఆ 17 రసీదులనూ గేటు రిజిస్టర్‌తో, సప్లయర్ చలాన్లతో సరిచూశారు. సరుకు ఎక్కడా తేడా లేదు. యార్డు ఇన్‌చార్జి గారిని అడిగితే, ఆయన స్థానంలో వచ్చిన అబ్బాయికి ఇంకా సొంత ఐడీ రాలేదని, లారీ గేటు దగ్గర నిలబడితే దించుకోక తప్పదు కాబట్టి పాత పాస్‌వర్డ్‌తోనే పని నడిపిస్తున్నాడని చెప్పారు.

ఆ అబ్బాయి మీద నాకు ఏ అనుమానమూ లేదు, అతని మీద చర్య కోరడం లేదు. కానీ ఈఆర్‌పీలో ఐడీ అంటే ఆ మనిషి సంతకం. రేపు స్టాక్ వెరిఫికేషన్‌లో ఒక బేరింగ్ సెట్ తగ్గితే, సిస్టమ్ చూపించేది జూన్‌లోనే వెళ్లిపోయిన మనిషి పేరు. ఇంటి దగ్గర ఉన్న ఆయన్ను పిలిచి అడిగే పరిస్థితి మనం తెచ్చుకోకూడదు. సరుకు దించుకున్నవాడి కష్టం కూడా అతని పేరు మీదనే ఉండాలి.

అందుకని ఈ ఒక్క ఐడీకి క్రమం తప్పొద్దు. మధ్యాహ్నంలోపు కొత్త స్టోర్ కీపర్‌కు సొంత ఐడీ ఇవ్వండి. హెచ్‌ఆర్ రిక్వెస్ట్ ఫారం, నా ఆమోదం ఈ మెయిల్‌కే జతచేశాను. అతను ఒక రసీదు వేసి చూసుకున్నాక, సాయంత్రం 6కు యార్డు గేటు మూయగానే WJ_ST04ను లాక్ చేయండి. లాక్ చేసే ముందు, జూన్ 14 నుంచి ఈరోజు దాకా ఆ ఐడీ లాగిన్లు ఏ టెర్మినల్ నుంచి వచ్చాయో SM20 లాగ్ తీసి ఇంటర్నల్ ఆడిటర్ గారికి పంపండి. పాత లాగ్ ఫైళ్లు క్లీనప్‌లో పోకుండా పక్కన పెట్టండి.

రెండోది WH_AP03. వెండర్ పేమెంట్లు చూసిన ఎగ్జిక్యూటివ్‌ది. మే 31న రిలీవ్ అయ్యారు, ఆ తర్వాత ఒక్క లాగిన్ కూడా లేదు. అయినా దీన్ని ఈరోజే మూయమనడానికి కారణం రోల్స్. వెండర్ బ్యాంకు ఖాతా మార్చే FK02, పేమెంట్ పోస్ట్ చేసే F-53 రెండూ ఈ ఒక్క ఐడీలో ఉన్నాయి. పత్తి కొనుగోళ్లు మొదలైతే అడ్తీదారులకు రోజూ డబ్బులు వెళ్తాయి. అప్పుడు ఖాతా నంబరు మార్చి, అదే చేత్తో పేమెంట్ వేసే వీలున్న ఐడీ ఒకటి యజమాని లేకుండా తెరిచి ఉండటం నాకు నిద్రపట్టనివ్వని విషయం. ఈ రెండు అధికారాలూ పనిలో ఉన్నవాళ్లకు కూడా ఒకే చేతిలో ఉండకూడదు. దానిమీద విడిగా రాస్తాను.

దీనికో చిక్కు ఉంది. SM37లో చూస్తే, పొద్దున 6:30కు వెళ్లే వెండర్ ఏజింగ్ రిపోర్ట్ జాబ్ ఇంకా ఈ ఐడీ పేరుమీదే నడుస్తోంది. రోల్స్ తీసేస్తే అది ఆగిపోతుంది. ముందు ఆ జాబ్‌ను బ్యాక్‌గ్రౌండ్ పనుల కోసం పెట్టిన సిస్టమ్ యూజర్‌కు మార్చి, ఆ తర్వాతే ఐడీ మూయండి. మిగతా పదింటికి కూడా జాబ్‌లు ఉన్నాయేమో ఒకసారి వెతకండి. WH_MM02 దగ్గర రిలీజ్ కోసం ఆగిన పర్చేజ్ ఆర్డర్లు మూడు ఉన్నాయి. అవి ప్లాంట్ మేనేజర్ గారికి మళ్లించాలి.

మూడు KT ఐడీలు పోయిన సీజన్ కాంటా ఆపరేటర్లవి: జమ్మికుంట, పరకాల, నర్సంపేట. వాళ్లలో కొందరు దసరా తర్వాత మళ్లీ రావచ్చు. అదే మనిషి వస్తే, హెచ్‌ఆర్ లెటర్ చూసి పాత ఐడీ తెరవండి. కొత్త మనిషికి మాత్రం పాతవాళ్ల ఐడీ ఇవ్వొద్దు. తక్‌పట్టీ మీద ఒక పేరు, సిస్టమ్‌లో ఇంకో పేరు ఉంటే రైతుకు, మనకు మధ్య తూకం గొడవ వచ్చినప్పుడు తేల్చలేం. సీజన్ వాళ్ల ఐడీలన్నింటికీ తెరిచిన రోజే 2026 మార్చి 31 గడువు పెట్టేయండి. ఎవరూ గుర్తుపెట్టుకోకపోయినా అవే మూసుకుంటాయి.

మూయడం అంటే డిలీట్ చేయడం కాదని గట్టిగా చెబుతున్నాను. SU01లో లాక్ చేయాలి, గడువు తేదీ వేయాలి, రోల్స్, ప్రొఫైల్స్ అన్నీ తీసేయాలి. ఐడీ రికార్డు మాత్రం ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ తప్పనిసరి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు దాచాలి. పాత వోచర్ మీద WH_GL06 అని కనిపిస్తే, అది ఎవరో చెప్పగలిగే స్థితిలో మనం ఉండాలి. గడువు కూడా మీరు నిజంగా మూసిన రోజుదే వేయండి, రిలీవింగ్ తేదీకి వెనక్కి జరపొద్దు. ఎప్పటిదాకా తెరిచి ఉందో ఆడిటర్లకు ఉన్నది ఉన్నట్టు కనిపించాలి.

ఈ 11 మంది మెయిల్, వీపీఎన్, విండోస్ లాగిన్లు కూడా చూడండి. మేం చూసింది ఎస్‌ఏపీ ఒక్కటే.

పని అయ్యాక "డన్" అని రిప్లై సరిపోదు. ఒక్కో ఐడీకి లాక్, గడువు, ఖాళీ రోల్స్ ట్యాబ్ కనిపించే స్క్రీన్‌షాట్లు, SUIM నుంచి యూజర్ చేంజ్ డాక్యుమెంట్ల రిపోర్ట్ కావాలి. షీట్‌లో చివరి కాలమ్ మీ సంతకం, తేదీ కోసం ఖాళీగా ఉంచాం. సెప్టెంబర్ 15న మేం మళ్లీ జాబితా తీసి సరిచూస్తాం.

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి: ఇకమీదట రిలీవింగ్ లెటర్ ఇచ్చే రోజే ఐటీకి మెయిల్ వెళ్లాలి. ఐటీ నుంచి ఐడీ మూసినట్టు కాగితం లేకుండా వచ్చిన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ నా టేబుల్ మీద పాస్ కాదు. అలాగని వెళ్లిపోయేవారి డబ్బు ఆలస్యం కావడం నాకు ఇష్టం లేదు. కాబట్టి ఆ కాగితం రెండు పనిదినాల్లో వచ్చేలా మీరిద్దరూ మాట్లాడుకోండి.

జమ్మికుంట కొత్త ఐడీ దగ్గర ఏ ఇబ్బంది వచ్చినా నేరుగా నాకు ఫోన్ చేయండి. ఈరోజు రాత్రి 8 వరకు ఆఫీసులోనే ఉంటాను.

ఇట్లు,
ఫైనాన్స్ కంట్రోలర్
హెడ్ ఆఫీస్, హన్మకొండ

జత: 1. యూజర్ యాక్సెస్ రివ్యూ షీట్  2. కొత్త ఐడీ రిక్వెస్ట్ ఫారం – జమ్మికుంట స్టోర్