పాముకాటు ప్రసంగ సారాంశం: తొలి గంట పీహెచ్‌సీదే

సదస్సుకు రాలేకపోయిన తోటి మెడికల్ ఆఫీసర్లు, స్టాఫ్ నర్సుల కోసం 40 నిమిషాల ప్రసంగాన్ని కుదించి రాశాను. మాట్లాడింది ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ గారు.

ముందుగా ఒక దిద్దుబాటు. మనకు పంచిన టైపు ప్రతిలో యాంటీవెనమ్ డోసు 'పిల్లలకు టూ వయల్స్' అని పడింది. అనుమానం వచ్చి రికార్డింగ్ మళ్లీ విన్నాను. ఆయన అన్నది 'పిల్లలకూ టెన్ వయల్స్'. పాము పిల్లాడిని చూసి విషం తగ్గించి ఎక్కించదు కదా అని వెంటనే వివరించారు కూడా. ఆ ప్రతి మీ దగ్గరుంటే ఇప్పుడే దిద్దుకోండి.

ముఖ్యాంశాలు

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. వీటిలో సగం జూన్, సెప్టెంబరు మధ్యవే. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలంటోంది. కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. లెక్కల దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగలేదు.

ఆగింది లక్షణాల దగ్గర. నాగుపాము, కట్లపాము నరాలను దెబ్బతీస్తాయి: రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు, చివరికి ఊపిరి ఆగుతుంది. రక్తపింజరి, చిన్న పింజరి కాటుకు రక్తం గడ్డకట్టదు. రక్తపింజరి కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. మన దగ్గరున్న యాంటీవెనమ్ ఈ నాలుగింటికీ ఒకటే. కాబట్టి ఏ పామో తేలాలని కూర్చోవద్దు, పామును చంపి తెమ్మనొద్దు. మనిషిని చూడండి. విషలక్షణాలు ఉంటేనే మందు పెట్టండి. లేకపోతే 24 గంటలు కళ్లెదుటే ఉంచుకోండి.

ఆయన చెప్పిన ఉదాహరణలు

మొదటిది నన్ను బాగా కదిలించింది. నేల మీద పడుకున్న ఎనిమిదేళ్ల పాప తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచింది. వాపు లేదు, గాటు కనబడలేదు. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టారు. ఆరింటికి వాళ్లమ్మ జడ వేస్తుంటే పాప కళ్లు పూర్తిగా తెరవలేకపోతోంది. అది కట్లపాము. పీహెచ్‌సీ నర్సు యాంటీవెనమ్ డ్రిప్ పెట్టించి, జిల్లా ఆసుపత్రి చేరేదాకా 108లో అంబు బ్యాగ్ నొక్కుతూనే ఉంది. పాప బతికింది. వానాకాలంలో, నేల మీద పడుకున్నవాళ్లకు తెల్లవారుజామున కడుపునొప్పి వస్తే ముందు రెప్పలు చూడండి అన్నారాయన.

రెండోది వేరుశనగ చేలో కాటు తిన్న రైతు. పిక్కపైన తువ్వాలు బిగించి, ఆర్‌ఎంపీ దగ్గర, పసరు దగ్గర మూడు గంటలు పోగొట్టారు. ఆసుపత్రికి వచ్చాక ఎవరో కట్టు ఒక్కసారిగా విప్పేశారు, మనిషి కుప్పకూలాడు. డ్రిప్ లైన్ పెట్టి, మందులు సిద్ధం చేసుకున్నాకే కట్టు మెల్లగా వదలాలి.

మూడోది గాజు గొట్టం. ఒక కేంద్రంలో 20 నిమిషాల రక్తపరీక్షను ప్లాస్టిక్ ట్యూబులో చేసేవారు. గడ్డకట్టే శక్తి ఉన్న రక్తం కూడా అందులో సరిగా గడ్డకట్టదు. సబ్బుతో కడిగిన గాజుతోనూ ఇదే ఇబ్బంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. తాజా రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారే వంచి చూడాలి. ఈ మాట విన్నాక మా కేంద్రంలో అల్మరా తెరిచి చూస్తే అన్నీ ప్లాస్టిక్కే. గాజువి తెప్పించాను.

చివరి సిఫార్సులు

లక్షణాలు ఉంటే పెద్దలకు, పిల్లలకు, గర్భిణులకు మొదటి డోసు 10 వయల్సే, సెలైన్‌లో కలిపి గంటలోపు. ముందుగా టెస్ట్ డోసు వద్దు, కాటు చోట ఇంజెక్షన్ వద్దు. దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం కనబడితే డ్రిప్ ఆపి, పెద్దలకైతే అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండరానికి; తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. రియాక్షన్ భయంతో మొదటి డోసు ఇవ్వకుండానే రిఫర్ చేయడాన్ని ఆయన గట్టిగా తప్పుబట్టారు. నాకూ అదే సరైన మాట అనిపించింది, ఎందుకంటే దారిలో పోయే రెండు గంటలు మళ్లీ రావు.

రిఫర్ చీటీలో కాటు సమయం, మందు మొదలైన సమయం, రక్తపరీక్ష ఫలితం రాయాలి. ఊపిరి తగ్గుతున్న రోగితో అంబు బ్యాగ్ పట్టగలిగినవాళ్లు వెళ్లాలి. ఆశా కార్యకర్తలు ఊళ్లో చెప్పాల్సినవి: కట్టు కట్టొద్దు, కోయొద్దు, విషం పీల్చొద్దు, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి, రాత్రి మంచం మీద, దోమతెర పరుపు కిందికి మడిచి పడుకోవాలి.

జూన్‌కు ముందే ప్రతి పీహెచ్‌సీ తన యాంటీవెనమ్ నిల్వ, గడువు తేదీలు చూసుకోవాలని ముగించారు. ఈ శనివారంలోగా మీ లెక్క నాకు పంపండి, తక్కువున్న చోటికి ఇండెంట్ ఒకేసారి పెడదాం.