ఫ్లాట్ 402, నిజాంపేట: మే నెల లెక్క

6 జూన్ 2025, శుక్రవారం

సతీష్, రాత్రి 8:40
మే నెల ఖర్చులు ఇవి. #ఖర్చు అని కొట్టి గ్రూప్‌లో వెతికి, వచ్చినవన్నీ రాసుకున్నా. ఏదైనా వదిలేసి ఉంటే రేపు మధ్యాహ్నం 12 లోపు చెప్పండి. ఆ తర్వాత గుర్తొస్తే జూన్‌లో వేద్దాం, మే లెక్క మళ్లీ తెరవను.

అద్దె ఇందులో లేదు. జూన్ అద్దె 28,000, మెయింటెనెన్స్ 2,500, మొత్తం 30,500 నిన్న ఓనర్ అంకుల్‌కి వేసేశా, స్క్రీన్‌షాట్ పైన ఉంది. ఎప్పటిలాగే ఏసీ గదిలో వంశీ 8,000, కార్తీక్ 8,000, ఇంకో గదిలో నేను 8,000, చిన్న గది మహేశ్ 6,500. మీ ముగ్గురూ 4వ తేదీకే పంపేశారు, థాంక్స్ రా. అద్దెని మిగతా ఖర్చులతో కలపొద్దు. కలిపితే "నువ్వు నాకు ఇవ్వాలి కదా, అద్దెలో కోసుకో" అని మొదలవుతుంది, ఓనర్‌కి వెళ్లాల్సిన రోజు డబ్బు తక్కువ పడుతుంది.

సరుకులు (ఉన్న రోజుల లెక్కన)
బియ్యం బస్తా 1,480 – నేను
పాలు, పెరుగు నెల మొత్తం 1,512 – నేను
పప్పులు, నూనె, గుడ్లు, మిగతా కిరాణా 2,614 – వంశీ
కూరగాయలు 1,236 – మహేశ్
మొత్తం 6,842

అందరికీ సమానం
పని చేసే అక్కకి 2,400 – నేను
వైఫై 944 – కార్తీక్
గ్యాస్ సిలిండర్ 905, తెచ్చిన అబ్బాయికి 35, కలిపి 940 – మహేశ్
నీళ్ల క్యాన్లు 14, ఒక్కోటి 40 చొప్పున 560 – మహేశ్
మొత్తం 4,844, తలా 1,211

చికెన్ (తిన్నవాళ్లకే, మూడు సార్లూ వంశీ పెట్టాడు)
4వ తేదీ 330, ముగ్గురం
18న 240, నేనూ వంశీ
25న 360, ముగ్గురం

కరెంటు
బిల్లు 2,130 – కార్తీక్ కట్టాడు. 318 యూనిట్లు. ఏసీ సబ్‌మీటర్ మే 3న 1846, జూన్ 3న 1964, అంటే 118 యూనిట్లు. ఏసీ వాటా ఎంత వేయాలో ముందు తేల్చుకుందాం, తర్వాత ఫైనల్ పెడతా.

వంశీ, 8:52
తేల్చుకునేదేముంది అన్నా. 2130ని 318తో భాగిస్తే యూనిట్ 6.70. 118 యూనిట్లకి 790. మేమిద్దరం చెరో 395. మిగతాది నలుగురికీ.

మహేశ్, 8:55
ఏసీ లేకపోతే బిల్లు అంత రాదు కదా అన్నా. ఏప్రిల్ మొదటివారంలో వచ్చిన బిల్లు వెయ్యి కూడా లేదు.

వంశీ, 8:56
రాత్రంతా కూలర్ తిప్పేవాడు మాట్లాడుతున్నాడు 😄

సతీష్, 9:10
బిల్లు పక్కన పెట్టుకుని చూశా. ఏసీ యూనిట్లు తీసేస్తే మనకి సరిగ్గా 200. 200 లోపు ఆగి ఉంటే మొదటి వంద 3.40 లెక్కన, రెండో వంద 4.80 లెక్కన, ఎనర్జీ చార్జీ 820తో అయిపోయేది. 200 దాటేసరికి ఆ మొదటి 200కి కూడా 5.10 వేశారు, 1,020. ఆ పైన వందకి 7.70, 300 దాటిన 18 యూనిట్లకి 9. మొత్తం 1,952.

అంటే 820 కావాల్సింది 1,952 అయింది. తేడా 1,132. దాన్ని 118తో భాగిస్తే యూనిట్ తొమ్మిదిన్నర పైనే. సగటు 6.70 వేస్తే మిగతా 340 నలుగురి మీదా పడుతుంది. నాకు, మహేశ్‌కి ఏసీ గాలి తగలకపోయినా స్లాబ్ మాత్రం తగులుతోంది.

వంశీ, 9:14
మరి ఆ 200లో కూలర్ లేదా? కూలర్ లేకపోతే మేం 300 కూడా దాటేవాళ్లం కాదు. దాన్ని మాత్రం అందరికీ పంచుతారా?

సతీష్, 9:17
అది నిజమే. కూలర్ 150 వాట్లు అనుకుంటే పది గంటలకి యూనిట్టున్నర. నెలకి 45. దానికి మీటర్ లేదు, ఇప్పుడు మీటర్ పెట్టి కొలిచేంత డబ్బు కూడా కాదు. అందుకే మధ్యేమార్గం. ఏసీ యూనిట్‌కి 9 ఫిక్స్. మిగిలింది కూలర్‌తో సహా నలుగురికీ సమానం. చలికాలంలో ఏసీ వేసినా, వేయకపోయినా ఇదే రేటు. ప్రతి నెలా స్లాబులు తవ్వుకుంటూ కూర్చోలేం.

మహేశ్, 9:18
నాకు ఓకే.

వంశీ, 9:21
సరే. 1,062. చెరి సగం 531.

కార్తీక్, 9:33
ఇప్పుడే ఆఫీస్ నుంచి బయటపడ్డా. చెరి సగం ఏంట్రా, 11 నుంచి 21 దాకా నేను రాజమండ్రిలో ఉన్నా కదా. అక్కడ మా ఇంట్లో ఏసీ కూడా లేదు, ఇక్కడి ఏసీకి నేను కట్టాలా?

వంశీ, 9:34
నువ్వు లేకపోతే ఏసీ సగమే చల్లబరుస్తుందా? గది అదే కదా.

కార్తీక్, 9:36
గది అదే, నువ్వు కూడా అదే. 24కి బదులు 18లో పెట్టుకుని పడుకుంటావు. వెళ్లేరోజు రాత్రి మీటర్ ఫొటో తీసుకున్నా చూడు, 1879. వచ్చిన రోజు పొద్దున ఇంకో ఫొటో, 1921. రెండూ పెడుతున్నా.

మహేశ్, 9:37
బస్సెక్కే హడావుడిలో మీటర్ ఫొటోనా 🙏

సతీష్, 9:45
ఫొటోలున్నాయి కాబట్టి గొడవే లేదు. కార్తీక్ లేనప్పుడు 42 యూనిట్లు. ఇద్దరూ ఉన్నప్పుడు 76, చెరో 38. వంశీ 80 యూనిట్లు 720, కార్తీక్ 38 యూనిట్లు 342. ఫొటో లేకుండా అడిగి ఉంటే సగం సగమే వేసేవాణ్ని. ఊరెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

వంశీ, 9:47
ఒప్పుకుంటున్నా. 18 కాదు, 20.

7 జూన్, శనివారం

సతీష్, మధ్యాహ్నం 12:20
12 దాటింది, కొత్తవేవీ రాలేదు. ఇదే ఫైనల్.

సరుకులు: ముగ్గురం 31 రోజులు, కార్తీక్ 20. మొత్తం 113 రోజులు. 6,842ని 113తో భాగిస్తే మనిషికి రోజుకి 60.55. ముగ్గురికీ తలా 1,877, కార్తీక్‌కి 1,211. (సమానం పద్దులో కూడా 1,211 ఉంది, అది కాకతాళీయం, రెండుసార్లు రాశానని అనుకోవద్దు.)
కరెంటు: ఏసీ పోగా 1,068, తలా 267.

సతీష్
1,877 + 1,211 + 267 + చికెన్ 350 = 3,705
పెట్టింది 5,392
రావాల్సింది 1,687

వంశీ
1,877 + 1,211 + 267 + ఏసీ 720 + చికెన్ 350 = 4,425
పెట్టింది 3,544
ఇవ్వాల్సింది 881

కార్తీక్
1,211 + 1,211 + 267 + ఏసీ 342 + చికెన్ 230 = 3,261
పెట్టింది 3,074
ఇవ్వాల్సింది 187

మహేశ్
1,877 + 1,211 + 267 = 3,355
పెట్టింది 2,736
ఇవ్వాల్సింది 619

సరిచూసుకోండి: వాటాలన్నీ కలిపితే 14,746, పెట్టినవన్నీ కలిపినా 14,746. ఇవ్వాల్సినవి 881 + 187 + 619 = 1,687. మూడే ట్రాన్స్‌ఫర్లు, మూడూ నాకే. ఈరోజు రాత్రి 9 లోపు.

వంశీ, 12:31
లెక్క రాసేది నువ్వే, డబ్బులొచ్చేదీ నీకే. బాగుంది అన్నా 😄

సతీష్, 12:33
వచ్చేవి నేను పెట్టినవే రా. డౌటుంటే జూన్ లెక్క నువ్వు రాయి.

వంశీ, 12:33
వద్దులే, మహేశ్ రాస్తాడు.

మహేశ్, 12:40
రాస్తా, ఇబ్బంది లేదు. ఒకటి అడగనా? వంశీ వాళ్ల తమ్ముడు ఇంటర్వ్యూకి వచ్చి నాలుగు రోజులున్నాడు కదా. అది ఎలా లెక్క? మొన్నటిది అడగట్లేదు, ముందు ముందు మా అమ్మావాళ్లు వస్తే ఏం చేయాలని.

సతీష్, 12:52
మే నెలది వదిలేద్దాం, ముందు అనుకోలేదు కాబట్టి. జూన్ నుంచి చుట్టాలు రెండు రాత్రుల వరకు లెక్కలోకి రారు. మూడో రోజు నుంచి ఎవరి చుట్టమైతే వాళ్ల రోజులకి కలుపుదాం, సరుకుల్లో మాత్రమే. అమ్మావాళ్లు వచ్చి మనందరికీ వండిపెడితే మాత్రం వాళ్ల రోజులు లెక్కే వేయం.

కార్తీక్, 12:53
అయితే మీ అమ్మని నెల రోజులుండమను మహేశ్.

సతీష్, 1:15
పద్ధతి ఒకచోట రాస్తున్నా, పిన్ చేస్తున్నా. పిన్ 30 రోజులే ఉంటుంది కాబట్టి గ్రూప్ డిస్క్రిప్షన్‌లో కూడా పెడతా.

📌 డబ్బు కట్టిన రోజే రాయాలి. ముందు #ఖర్చు, తర్వాత రూపాయలు, తర్వాత దేనికి, ఎవరెవరికి. ఉదాహరణకి: #ఖర్చు 240 చికెన్, సతీష్ వంశీ. పేర్లు రాయకపోతే అందరికీ అని అర్థం. 200 దాటితే బిల్లు ఫొటో కూడా పెట్టాలి.
సొంత షాంపూ, కూల్‌డ్రింక్, ఆఫీస్ నుంచి వస్తూ తిన్న పునుగులు ఇందులోకి రావు.
అద్దె వాటా 4వ తేదీ లోపు, 5న ఓనర్‌కి. ఇది మిగతా లెక్కతో కలవదు.
కరెంటు రీడింగ్‌కి మనిషి వచ్చిన రోజే ఇంట్లో ఎవరుంటే వాళ్లు సబ్‌మీటర్ ఫొటో తీయాలి. నెలాఖరున తీస్తే బిల్లు తేదీలకీ దానికీ పొంతన కుదరదు. ఏసీ యూనిట్ 9 రూపాయలు.
వరుసగా వారం దాటి ఊళ్లో లేకపోతేనే సరుకుల్లో రోజులు తగ్గుతాయి. శని, ఆదివారాలు ఊరెళ్లొచ్చినవి లెక్క లేదు. అక్క జీతం, వైఫై, గ్యాస్, నీళ్లు ఉన్నా లేకున్నా సమానమే.
6వ తేదీ రాత్రి లెక్క, 7 మధ్యాహ్నం దాకా అభ్యంతరాలు, 7 రాత్రి 9కల్లా డబ్బు. పంపినవాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టాలి, అందుకున్నవాళ్లు "వచ్చింది" అని రాయాలి. ఆ మాట రాసేదాకా అది బాకీ కిందే లెక్క.
"తర్వాత చూసుకుందాం" అని ఇద్దరు విడిగా సర్దుకుంటే అది వాళ్లిద్దరి మధ్యే, గ్రూప్ లెక్కలోకి తేవద్దు.

కార్తీక్, 1:20
187 ఫోన్‌పే చేశా. [ఫొటో]

సతీష్, 1:21
కార్తీక్ 187 వచ్చింది.

మహేశ్, 3:05
619 పంపా. [ఫొటో]

సతీష్, 3:30
మహేశ్ 619 వచ్చింది.

సతీష్, రాత్రి 8:35
వంశీ?

వంశీ, 8:50
సర్వర్ డౌన్ అని వస్తోందన్నా, రెండుసార్లు ట్రై చేశా. క్యాష్ ఇవ్వనా?

సతీష్, 8:51
రెండుసార్లు కొట్టావా? ఖాతాలో కట్ అయిందేమో ముందు చూసుకో, రెండూ వెళ్తే మళ్లీ తిరగ్గొట్టాలి. కట్ కాకపోతే క్యాష్ ఇవ్వు, అదీ ఇక్కడ రాస్తా.

వంశీ, 8:58
కట్ అవ్వలేదు. హాల్లోకి రా, 900 ఉన్నాయి, 19 చిల్లర ఇవ్వు.

సతీష్, 9:04
వంశీ 881 క్యాష్, వచ్చింది. 20 ఇచ్చా, ఆ రూపాయి వాడి దగ్గరే ఉంది. మే క్లోజ్. మహేశ్, జూన్ పద్దు నీది.

మహేశ్, 9:10
సరే అన్నా. ఈ నెలలో ఇప్పటిదాకా ఆరు ఎంట్రీలు కనిపిస్తున్నాయి. 3న నీళ్ల క్యాన్లు రెండు వచ్చాయి, అవి ఎవరు కట్టారో రాయలేదు.

కార్తీక్, 9:12
నేనే. #ఖర్చు 80 నీళ్ల క్యాన్లు 2, 3వ తేదీ.