మందుల రిమైండర్ యాప్ 1.4: టెస్ట్ ప్లాన్

ఏం చూస్తాం, ఏం వదిలేస్తాం

ఈ రిలీజ్‌లో కొత్తగా రాసినవి రెండు: రిమైండర్ షెడ్యూలింగ్, ఒకే అకౌంట్‌లో ఇద్దరి మందులు పెట్టుకునే వీలు. రెండోదాని కోసం డేటాబేస్ కూడా మారింది. లాగిన్ కోడ్ ఎవరూ ముట్టుకోలేదు, ఒకసారి లోపలికెళ్లి బయటికొస్తే చాలు. టాబ్లెట్లు ఈసారి చూడం.

ఎవరు, ఎప్పుడు

సోమవారం పొద్దున బిల్డ్ ఫ్రీజ్. సోమ, మంగళ, బుధవారాలు టెస్టింగ్, గురువారం రీటెస్ట్. టెస్టర్ ఒక్కరే కాబట్టి డెవలపర్లిద్దరూ సగం రోజు టెస్టింగ్‌కి ఇవ్వాలి. ఎవరు రాసిన ఫీచర్‌ని వాళ్లే పాస్ చేయకూడదు. స్క్రీన్లు డిజైనర్ చూస్తారు.

ఫోన్లు

ఆండ్రాయిడ్ 9 (2 జీబీ ర్యామ్), 13, 14, ఇంకా ఐఓఎస్ 16, 17. రిమైండర్ కేసులకు ఎమ్యులేటర్‌లో వచ్చిన పాస్‌ని లెక్కలోకి తీసుకోం. బ్యాటరీ పేరుతో యాప్‌ని ఆపేసే కంపెనీ సెట్టింగులు అసలు ఫోన్లలోనే బయటపడతాయి. 1.2లో మనం దెబ్బతిన్నది అక్కడే.

రిమైండర్ కేసులు (సగం టైమ్ వీటికే)

పది నిమిషాల తర్వాతకి రిమైండర్ పెట్టి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ని డోజ్ మోడ్‌లోకి నెట్టాలి:

```
adb shell dumpsys deviceidle force-idle
adb shell dumpsys deviceidle unforce
```

మొదటి కమాండ్ తర్వాత ఫోన్ ముట్టుకోకూడదు. రిమైండర్ పెట్టిన టైమ్ దాటి నిమిషం లోపల మోగితే పాస్. రెండోది కేసు ముగిశాక ఫోన్‌ని మామూలు స్థితికి తేవడానికి.

రీస్టార్ట్ చేస్తే ఆండ్రాయిడ్‌లో పెట్టిన అలారాలన్నీ పోతాయి, మన యాప్ వాటిని మళ్లీ పెట్టుకోవాలి. యాప్ తెరవకుండానే మోగిందా అన్నది చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ అనుమతి అడగాల్సిందే. "వద్దు" నొక్కితే రిమైండర్ రాదని యాప్ స్పష్టంగా చెప్పాలి. 14లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు కచ్చితమైన అలారం అనుమతి కూడా దానంతటది రాదు.

ఐఫోన్‌లో ఒక యాప్‌కి 64 లోకల్ నోటిఫికేషన్లే వరుసలో ఉంటాయి. ఇద్దరికీ చెరో ఐదు మందులు, రోజుకి మూడు పూటలు పెడితే రోజుకి 30. మూడో రోజుకే పరిమితి దాటుతుంది! ఈ కేసు మూడు రోజులు నడవాలి, కాబట్టి సోమవారమే మొదలుపెట్టాలి. మధ్యలో యాప్ తెరవొద్దు.

పాత డేటా

1.3 పెట్టి, ఇరవై మందులు ఎక్కించి, దానిపైనే 1.4 అప్‌డేట్ చేయాలి. ఒక్క డోసు చరిత్ర పోయినా రిలీజ్ ఆగుతుంది.

బగ్గులు, రిలీజ్

రిమైండర్ రాకపోవడం, రెండుసార్లు రావడం, ఒకరి మందు ఇంకొకరి పేరు మీద కనబడటం: వీటిలో ఏదున్నా రిలీజ్ లేదు. అక్షరం తప్పులు, రంగు తేడాలు 1.5కి.

శుక్రవారం అప్‌లోడ్ చేయం, శని, ఆదివారాల్లో క్రాష్ రిపోర్టులు చూసేవాళ్లు లేరు. తర్వాతి సోమవారం ప్లే స్టోర్‌లో 10 శాతానికి, రెండు రోజులు చూసి మిగతా అందరికీ. యాప్ స్టోర్‌లో ఏడు రోజుల ఫేజ్డ్ రిలీజ్. తేడా వస్తే రోలౌట్ ఆపగలం గానీ, అప్‌డేట్ అయిపోయిన ఫోన్లని 1.3కి లాగలేం. అందుకే పాత షెడ్యూలర్‌తో, పెంచిన `versionCode`తో, కొత్త డేటాబేస్‌ని చదవగల బిల్డ్ ఒకటి గురువారానికే రెడీగా ఉండాలి. దాన్నీ టెస్టర్ ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూస్తారు.